సత్యపట్టిక 0.85 చూపుతోంది, ఊరు మాత్రం ఒప్పుకోవడం లేదు: తక్కువ కేసుల క్యూసీఏలో సమస్య - పరిష్కారం

తిరుపతిలో పరిశోధక విద్యార్థులు నా దగ్గరికి తెచ్చే క్యూసీఏ ఫైళ్లలో ఒకే రకమైన తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. క్యూసీఏ అంటే గుణాత్మక తులనాత్మక విశ్లేషణ: కొద్ది కేసులను పోల్చి, ఏ షరతులు కలిస్తే ఒక ఫలితం వస్తుందో చూసే పద్ధతి. ఆ తప్పులను ఒక్క ఉదాహరణతో వివరిస్తాను. చిత్తూరు జిల్లాలో ఎనిమిది చెరువులను పోల్చుతున్నామనుకుందాం. ఇందులోని ఊళ్లూ అంకెలూ పద్ధతిని చూపించడానికి నేను వేసుకున్నవే.

ఇక్కడ ఫలితం Y: తూము ఎత్తకముందే ఆయకట్టు రైతులు ఏటా కలిసి పంట కాలువల పూడిక తీసుకోవడం. షరతులు మూడు. N అంటే చెరువు నీళ్లు పంచే నీరుగంటి ఉండడం, B అంటే ఆయకట్టు బోర్ల మీద అంతగా ఆధారపడకపోవడం, A అంటే ఆయకట్టు రైతులంతా ఒకే ఊరివారు కావడం. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక సమితి. ప్రతి చెరువుకూ ఆ సమితిలో ఎంత సభ్యత్వం ఉందో 0, 0.33, 0.67, 1 అనే నాలుగు మెట్లలో రాస్తాము. 0.67 అంటే 67 శాతం అని అర్థం కాదు. ఆ చెరువు సమితిలోకి వస్తుంది గానీ పూర్తిగా రాదని అర్థం.

```
చెరువు   N     B     A     Y
1      1     0.67  1     1
2      0.67  1     0.67  1
3      1     0.67  0.33  0.67
4      0.67  0.67  0.33  0.33
5      1     0.33  0.67  0.33
6      0.33  0.33  1     0.33
7      0     0.33  0.33  0
8      0.33  0.67  0.67  0.33
```

సమస్య: ఎనిమిది కేసులు ఇచ్చాను, సత్యపట్టికలో ఏడే లెక్కకు వచ్చాయి.

సత్యపట్టిక అంటే షరతుల ఒక్కో కలయికకు ఒక్కో వరుస ఉన్న పట్టిక. కేసు జారిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ 0.5 అన్న అంకే. సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ రేగిన్ రూపొందించిన ఈ పద్ధతిలో ఒక కేసు, షరతుల ఏ కలయికలో దాని సభ్యత్వం 0.5 కన్నా ఎక్కువగా ఉంటుందో ఆ వరుసకు చెందుతుంది. ఏదో ఒక షరతులో సరిగ్గా 0.5 ఉంటే ఏ వరుసలోనూ సభ్యత్వం 0.5ను దాటదు కాబట్టి ఆ కేసు ఎటూ చేరదు. మెట్లు వాడకుండా, బోర్ల కింద సాగయ్యే ఆయకట్టు శాతాన్ని నేరుగా సభ్యత్వంగా మార్చి, నడిమి గీతను 50 దగ్గర పెట్టినప్పుడు, సరిగ్గా సగం ఆయకట్టు బోర్ల కిందున్న ఊరు ఇలాగే జారిపోతుంది. గీతను 49కో 51కో జరపడం పరిష్కారం కాదు. ఎంత భాగం బోర్ల కిందికి పోయాక రైతులు చెరువు నిండే దాకా ఆగడం మానేస్తున్నారో ఊళ్లో అడిగి తెలుసుకుని, అక్కడే గీత పెట్టాలి.

సమస్య: వరుసకు కన్సిస్టెన్సీ 0.85 వచ్చింది, అయినా ఆ వరుసలోని ఒక చెరువులో పూడిక తీయడం లేదు.

కన్సిస్టెన్సీ అంటే ఆ వరుసలోని సభ్యత్వం ఎంతవరకు Y లోనూ ఇమిడి ఉందో చెప్పే కొలత. అన్నిటికన్నా ప్రమాదకరమైన సమస్య ఇదే, ఎందుకంటే ప్రోగ్రామ్ దీన్ని తప్పుగా చూపదు. 3వ, 4వ చెరువులు రెండూ ఒకే వరుసలో ఉన్నాయి: నీరుగంటి ఉన్నాడు, బోర్లు తక్కువ, రైతులు వేర్వేరు ఊళ్లవారు. 3లో పని జరుగుతోంది (0.67), 4లో జరగడం లేదు (0.33). ఈ వరుసలో ఒక్కో చెరువు సభ్యత్వం N, B, 1-A అనే మూడింటిలో కనిష్ఠం. 3, 4 చెరువులకు అది 0.67, 2, 5, 8 చెరువులకు 0.33, మిగిలిన వాటికి సున్నా. మొత్తం 2.33. ఇక ఒక్కో చెరువుకు ఈ సభ్యత్వంలోనూ Y లోనూ ఏది తక్కువో దాన్ని తీసుకుని కూడితే 1.99 వస్తుంది. 1.99ని 2.33తో భాగిస్తే 0.85. చాలామంది పెట్టుకునే 0.8 గీతను ఇది దాటింది కాబట్టి, ఈ వరుస ఫలితానికి చాలుతుందని ప్రోగ్రామ్ రాసేస్తుంది.

0.33 సభ్యత్వం ఉన్న మూడు చెరువులూ ఆ వరుసకు నిజంగా చెందినవి కావు. అయినా లెక్కలో అవి అనుకూలంగానే పడి, 4వ చెరువు తెచ్చిన తేడాను కప్పేశాయి. వందల కేసులుంటే ఒక్క ఎదురు కేసును సహించవచ్చు. వరుసలో రెండే కేసులుండి వాటిలో ఒకటి ఎదురు తిరిగితే సహించడానికి ఏమీ మిగలదు. పీఆర్‌ఐ అనే మరో కొలత చూస్తే అనుమానం బయటపడుతుంది. ఇక్కడ అది 0.66 మాత్రమే, అంటే ఈ వరుస Y తో పాటు Y లేకపోవడానికీ కొంత సరిపోతోందన్నమాట. R అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని QCA ప్యాకేజీలో, వరుసకు ఎదురు తిరిగిన కేసుల పేర్లను ఇలా చూడవచ్చు:

```
truthTable(data, outcome = "Y", conditions = "N, B, A",
           incl.cut = 0.8, show.cases = TRUE, dcc = TRUE)
```

పరిష్కారం గీతను 0.9కి పెంచడం కాదు. అలా చేస్తే వరుస పోతుంది, దానితో పాటు 3వ చెరువు చెప్పే విషయమూ పోతుంది. 4వ ఊరికి మళ్లీ వెళ్లాలి. అక్కడ నీరుగంటి ఉన్న మాట నిజమే, పేరు రిజిస్టరులోనూ ఉంది. అయితే కోతల వేళ అతనికి రావలసిన ధాన్యం వాటా, అంటే మేర, కొన్నేళ్లుగా ఎవరూ కొలవడం లేదు, అందుకని అతను కాలువ వెంట తిరగడమూ మానేశాడు. అంటే తప్పు మన నిర్వచనంలో ఉంది. "నీరుగంటి ఉన్నాడా" అని అడిగాము, "మేర ముట్టి పనిచేస్తున్న నీరుగంటి ఉన్నాడా" అని అడగవలసింది.

కొత్త నిర్వచనాన్ని ఎనిమిది చెరువులకూ వర్తింపజేయాలి. ఇబ్బంది పెట్టిన ఊరి అంకెను మాత్రమే దిద్దితే, ఫలితాన్ని చూసి కారణాన్ని దిద్దినట్టవుతుంది. మన ఉదాహరణలో అందరినీ మళ్లీ అడిగాక 4వ చెరువు N ఒక్కటే 0.33కు తగ్గిందనుకుందాం. అప్పుడు ఆ వరుస సభ్యత్వం మొత్తం 1.99, Y తో కలిసినదీ 1.99, కన్సిస్టెన్సీ 1, పీఆర్‌ఐ కూడా 1. మూడు షరతులూ ఉన్న వరుస (1, 2 చెరువులు) కూడా నిలుస్తుంది. 5వ చెరువు వరుసకు కూడా కన్సిస్టెన్సీ 0.85 వస్తుంది గానీ, దాని పీఆర్‌ఐ 0.49 మాత్రమే, అందులో ఉన్న ఒక్క చెరువులోనూ పూడిక తీయడం లేదు. అందుకని ప్రోగ్రామ్ చాలుతుందని రాసినా ఆ వరుసను మనమే పక్కన పెట్టాలి. నిలిచిన రెండు వరుసలూ A దగ్గర మాత్రమే తేడా పడుతున్నాయి కాబట్టి A కొట్టుకుపోయి, N, B కలిస్తే Y అని మిగులుతుంది. Y లో ఈ దారి ఎంత భాగాన్ని వివరిస్తుందో చెప్పే కవరేజీ 3.33 భాగించు 3.99, అంటే 0.83.

మళ్లీ అడిగినా కారణమేదీ దొరకకపోతే, ఎదురు కేసును పేరు పెట్టి అలాగే రాయాలి.

సమస్య: ఒక్కో చెరువుకు ఒక్కో దారి వస్తోంది.

షరతులు ఎక్కువయ్యాయి. మూడు షరతులకు ఎనిమిది వరుసలు, ఐదింటికి 32. ఎనిమిది చెరువులను 32 వరుసల్లో పెడితే కనీసం 24 ఖాళీగా ఉంటాయి. మిగిలినవి పోలిక కాదు, ఎనిమిది వేర్వేరు కథలవుతాయి. ఒకే మాటను రెండుసార్లు చెప్పే షరతులను కలిపి, మూడు దగ్గర, మహా అయితే నాలుగు దగ్గర ఆపండి.

సమస్య: N, B కలిస్తే Y అని తేలింది గనుక, అవి లేకపోతే Y ఉండదని గైడు రాయమంటున్నారు.

అది ఈ పట్టిక చెప్పని మాట. ఒక దారి చాలుతుందని తేలితే వేరే దారి లేదని కాదు. పూడిక తీయకపోవడానికి దారులేమిటో తెలియాలంటే, 1-Y ని ఫలితంగా పెట్టి విశ్లేషణ మొదటి నుంచి వేరుగా చేయాలి.

రాసేటప్పుడు ఇంకొక మాట చేర్చాలి. A అక్కర్లేదన్న నిర్ధారణ మొత్తం 3వ చెరువు ఒక్కదాని మీదే నిలబడి ఉంది. దాన్ని తీసేసి మళ్లీ నడిపితే ఆ వరుస ఖాళీ అవుతుంది. ఖాళీ వరుసలను ఊహించి నింపకపోతే A మళ్లీ సమాధానంలోకి వస్తుంది. అందుకని 3వ ఊరి అంకెలు ఏ ఆధారంతో వేశారో, అక్కడ ఎవరెవరిని అడిగారో సిద్ధాంత గ్రంథంలో కనీసం ఒక పేరా రాయండి.