రావాల్సిన డబ్బు గుర్తు చేసే మెయిల్ పంపే ముందు: ఫ్రీలాన్స్ యానిమేటర్లకు జాగ్రత్తలు

మార్చి 31కి కంపెనీలు లెక్కలు మూసేస్తాయి, మెయిల్ పంపేవాళ్లు ఈ లోపే పంపండి.

- ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ చూడండి, ఇన్‌వాయిస్ మొత్తంతో మాత్రం వెతకొద్దు. 60,000 బిల్లుకు 10 శాతం టీడీఎస్ కోసుకుంటే ఖాతాలో పడేది 54,000. ‘60,000’ అని వెతికితే కనిపించదు. వచ్చేసిన డబ్బు మళ్లీ అడిగితే, తర్వాతి ప్రాజెక్టు ఇచ్చే మనిషి దగ్గర మాట పోతుంది. కోసిన 6,000 మీ ఫారం 26ఏఎస్‌లో కనిపించాలి.

- గడువు ఏ రోజు నుంచి లెక్కో ఒప్పందంలో చూడండి. ఫిబ్రవరి 5 ఇన్‌వాయిస్‌కు 30 రోజులంటే మార్చి 7. ఫైనల్ రెండర్ ఓకే అయిన రోజు నుంచి అని రాసుకుని ఉంటే, ఆ ఓకే మెయిల్ కింద ఉండేలా అదే థ్రెడ్‌లో రిప్లై ఇవ్వండి.

- అకౌంట్స్ వాళ్లను సీసీలో పెట్టి, ఇన్‌వాయిస్ మళ్లీ జత చేయండి. మీతో పనిచేసిన ప్రొడ్యూసర్‌కు సాధారణంగా చెల్లింపు చేతిలో ఉండదు. కంపెనీ ఇచ్చే పర్చేజ్ ఆర్డర్ నంబర్ ఇన్‌వాయిస్ మీద లేక బిల్లు ఆగిపోవడం మామూలే.

- ఒకే ప్రశ్న అడగండి: “నమస్తే అండీ, 45 సెకన్ల వీడియో ఇన్‌వాయిస్ 60,000 గడువు మార్చి 7తో ముగిసింది. ఏ తేదీకి జమ అవుతుందో చెప్పగలరా?” రివిజన్ల మాట ఇందులో కలిపితే జవాబు వాటికే వస్తుంది.

- ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు ఇన్‌వాయిస్ మీద ఉండాలి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలనే చట్టం, ఆలస్యానికి వడ్డీ మాట మొదటి మెయిల్‌లో వద్దు, రెండోదానికి ఉంచండి.