పేనుబంకకు మందు కొట్టాలా వద్దా? అక్షింతల పురుగును చూసి తేల్చుకోవడం ఎలా?

భూతద్దం ఒకటి, రంగు దారం ముక్కలు పది. ఇంతే సరంజామా. ఉదయం ఎనిమిదిలోపే చేలో దిగాలి, ఎండెక్కాక చూసింది లెక్కలోకి రాదు. గట్టు పక్క మొక్కలు వదిలేసి, లోపల పది చోట్ల ఒక్కో మొక్కకు దారం కట్టండి. చిగురు, పూత, లేత కాయ చూస్తే చాలు.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. చెడగొట్టేది తర్వాతే.

గజపతినగరం వైపు ఒక రైతు అలసంద చేను సంగతే తీసుకోండి. చిగుళ్ల నిండా నల్ల పేనుబంక. నారింజ రంగు అక్షింతల పురుగులు దాన్ని తినడం ఆయన కళ్లారా చూశాడు, వాటిని వదిలేద్దామనుకున్నాడు. కానీ పక్కనే పాకుతున్న నల్లటి పురుగులను చూసి, "చేను పాడు చేస్తన్నవి ఇవే" అని ట్యాంకు నింపాడు. అవి ఆ అక్షింతల పురుగు పిల్లలే! తల్లికంటే రూపం పూర్తిగా వేరు: చిన్న మొసలిలా పొడుగ్గా, ఆరు కాళ్లతో, నలుపు మీద పసుపో నారింజో మచ్చలతో ఉంటాయి. ఒక్కో పిల్ల పెరిగేలోపు వందల పేనుబంకను తింటుంది. అనుమానముంటే భూతద్దం పెట్టి ఐదు నిమిషాలు ఓపిగ్గా చూడండి, పట్టి తినడం కనిపిస్తుంది. ఆకు అడుగున నిలువుగా గుంపుగా పెట్టిన పసుపు గుడ్లు, ఆకుకు అతుక్కుని కదలకుండా ఉన్న గూళ్లు కూడా వాటివే. గీకి పారేయకండి.

వంగ తోటలో మాత్రం జాగ్రత్త. అక్కడ కూడా అక్షింతల పురుగు అనే అంటారు గానీ, ఆకును గీకి జల్లెడ చేసేది వేరే జాతి. దాని పిల్ల పసుపుగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. దాన్ని ఏరి చంపాల్సిందే.

మూడు రోజులాగి అవే మొక్కలు మళ్లీ చూడండి. పిల్లలు పెరిగి, పేనుబంక తగ్గుతుంటే మందు జోలికి పోవద్దు. దుకాణంలో ఇచ్చే ఘాటు మందు రెంటినీ చంపుతుంది, ముందు తిరిగొచ్చేది మాత్రం పేనుబంకే. దానికి మగతో పనిలేదు, నేరుగా పిల్లల్ని కంటుంది, ఆ పిల్ల వారం పది రోజుల్లో తానూ కంటుంది. అక్షింతల పురుగుకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా రెండు మూడు వారాలు కావాలి. ఆ సందులో చేను పోతుంది. రెండోసారి కొట్టించేది అందుకే.

చీమలు బారులుగా ఎక్కుతుంటే లెక్క మారుతుంది. పేనుబంక విడిచే తీపి జిగురు కోసం అవి అక్షింతల పురుగును తరిమేస్తాయి. చీమలున్న చోట, పిల్లలే కనబడని చోట, మొక్క ఇంకా రెండు మూడాకుల దశలో ఉన్నప్పుడు ఆగకూడదు. పేనుబంక మొజాయిక్ వైరస్‌నూ మోసుకొస్తుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు పొడి కలిపి, సాయంత్రం, పేనుబంక పట్టిన మొక్కల మీదే కొట్టండి.