సెంట్లు, గజాలు సరిపోయాయో లేదో దస్తావేజులోనే చూసుకోండి

గుంటూరు, విజయవాడ శివార్లలో స్థలం కొనేటప్పుడు బేరం గజాల్లో జరుగుతుంది, పాత దస్తావేజు మాత్రం ఎకరాలు, సెంట్లలో ఉంటుంది. ఎకరానికి 4,840 చదరపు గజాలు, అంటే సెంటుకు 48.4 గజాలు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. సెంటును 50 గజాలుగా పట్టుకుని మాట్లాడేవాళ్లు ఉంటారు. దయచేసి ఒప్పుకోకండి. అయిదు సెంట్లకు నిజంగా వచ్చేది 242 గజాలే, 250 కాదు. గజం 20 వేలనుకుంటే ఆ 8 గజాలకే లక్షా 60 వేలు పోతాయి.

దస్తావేజులో ‘య. 0-05 సెం.’ అని ఉంటే అయిదు సెంట్లు. అదే దశాంశంలో 0.5 ఎకరం అని ఉంటే యాభై సెంట్లు. సున్నా ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. అనుమానం వస్తే పక్కనే రాసిన గజాలను 48.4తో భాగించండి, సెంట్లు తేలతాయి.

తర్వాత షెడ్యూలులోని కొలతలకు రండి. తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 60 అడుగులు అని ఉందనుకోండి. గుణిస్తే 2,160 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 240 గజాలు. పైన 242 అని రాసి ఉంటే రెండు గజాలు తేడా. నాలుగు వైపులా కొలతలు వేరువేరుగా ఉన్న స్థలానికి ఈ గుణకారం సరిపోదు. అక్కడ సర్వేయరుతో కొలిపించి, రిజిస్ట్రేషన్‌కు ముందే విస్తీర్ణం సరిచేయించండి.