క్యాష్ ఆన్ డెలివరీ పార్శిల్ తిరిగొస్తోందా? కారణాన్ని బట్టే మందు

మంగళగిరి నుంచి ఆదిలాబాద్‌కు 900 రూపాయల నూలు చీర పంపారనుకుందాం. చీర కొన్న ధర 600, ప్యాకింగ్ 15, కొరియర్ 80, నగదు వసూలు రుసుము 35. పార్శిల్ తీసుకుంటే మీకు 170 మిగులుతుంది. తీసుకోకపోతే వసూలు రుసుము సాధారణంగా పడదు కానీ, పోను 80, రాను 70, ప్యాకింగ్ 15 కలిపి 165 పోతుంది. ఒక చీర వెనక్కి వస్తే ఒక అమ్మకం లాభం దాదాపుగా తుడిచిపెట్టుకుపోయినట్టే.

సమస్య: కొరియర్ ట్రాకింగ్ తెర మీద Customer refused అని ఉంది. కొనుగోలుదారు ఎవరూ రాలేదంటున్నారు.

కారణం: సాయంత్రానికి మిగిలిన ప్రతి పార్శిల్‌కూ డెలివరీ బాయ్ ఏదో ఒక కారణం నమోదు చేయాలి. ఊరి చివరి ఇంటికి వెళ్లే సమయం లేనప్పుడు చేతికి అందేది ఇదే.

పరిష్కారం: ఆరోజే కొనుగోలుదారుకు ఫోన్ చేయండి. కొరియర్ నుంచి కాల్ వచ్చిందో లేదో అడిగి, రాకపోతే ఆరోజు కాల్ జాబితా స్క్రీన్‌షాట్ తెప్పించుకోండి. దాన్ని జతచేసి, రెండో ఫోన్ నంబరు, ఇంటి గుర్తు ఇచ్చి మళ్లీ డెలివరీ కోరండి. రేపు చూద్దామనుకోవద్దు. కొరియర్ ఇచ్చిన గడువు దాటితే పార్శిల్ వెనక్కి బయలుదేరుతుంది, ఆపడం కష్టం. ఒకే పిన్‌కోడ్‌లో ఇది పదేపదే జరుగుతుంటే అక్కడికి కొరియర్ మార్చండి. నిరాకరణ నమోదు చేయాలంటే కొనుగోలుదారు ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కావాలనే సదుపాయం ఉన్న కొరియర్ అయితే మరీ మంచిది.

సమస్య: నిజంగానే వద్దన్నారు.

కారణం: చాలాసార్లు చీర నచ్చక కాదు. ఆర్డర్ చేసినామె పనికి వెళ్లి ఉంటుంది, ఇంట్లో ఉన్న అత్తగారికి సంగతి తెలియదు, చేతిలో 900 ఉండవు. పార్శిల్ వారం దాటి వస్తే మనసు మారడమూ మామూలే.

పరిష్కారం: పంపే ముందు ఫోన్ చేసి “చీర కావాలా?” అని అడిగితే మొహమాటానికైనా అవుననే అంటారు. “ఆ రోజు ఇంట్లో ఎవరుంటారు? 900 వాళ్ల దగ్గర ఉంచుతారా?” అని అడగండి. తడబడితే అక్కడే తెలిసిపోతుంది. ఒక రోజంతా స్పందన లేకపోతే ఆర్డర్ రద్దు చేయండి. పంపని పార్శిల్‌కు కొరియర్ ఖర్చు లేదు. పై లెక్కలో లాభం, నష్టం దాదాపు సమానం కాబట్టి, తీసుకునే అవకాశం సగం కూడా లేని ఆర్డర్‌ను పంపడం దండగ.

సమస్య: చిరునామా దొరకలేదు.

ఇది తేలిక. ఊరు, పిన్‌కోడ్ సరిపోలుతున్నాయో చూసి, గుడి, బడి లాంటి గుర్తు ఒకటి అడిగి లేబుల్ మీద రాయండి.

ముందు ఒకసారి తిప్పిపంపిన నంబరు నుంచి మళ్లీ ఆర్డర్ వస్తే యూపీఐలో 100 అడ్వాన్సు అడగండి, మిగతా 800 డెలివరీ అప్పుడు. పార్శిల్ తిరిగొచ్చినా మీ నష్టం 65కి తగ్గుతుంది. తిరిగొస్తే అడ్వాన్సు వెనక్కి ఇవ్వరన్న సంగతి ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఈ షరతు అందరికీ పెడితే మాత్రం మంచి కొనుగోలుదారులు కూడా వెనక్కి తగ్గుతారు.