పాత బ్యాట్ అమ్మకానికి పెడితే వచ్చి చూసి వెళ్లిపోతున్నారా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

"ఇంగ్లీష్ విల్లో, గ్రేడ్ 1, 2.8, ప్రొఫెషనల్ బ్యాట్, తక్కువ వాడింది, అర్జెంట్ సేల్." నల్లగొండలో పెట్టినా పాలమూరులో పెట్టినా పాత బ్యాట్ల కింద ఎక్కువగా కనిపించేది ఈ లైనే. మా పెద్దమ్మ కొడుకు కూడా అచ్చం ఇట్లనే పెట్టాడు. ఫోన్లు బాగానే వచ్చాయి, ఇంటికొచ్చి చూసినోళ్లూ ఉన్నారు, కానీ ఎవరూ తీసుకోలే. బ్యాట్ మంచిదే, తిప్పలన్నీ రాసిన మాటలతోనే. ఆ ఒక్క బ్యాట్‌నే ముందు పెట్టుకుని చెప్తా, మీ బ్యాట్‌కు ఏది వర్తిస్తుందో మీరే చూసుకోండి.

సమస్య: "2.8 అన్నావు, తూకంలో ఎక్కువ వస్తోంది"

చాలామందికి ఇక్కడే గొడవ మొదలవుతుంది. క్రికెట్ వాళ్ల లెక్కలో 2.8 అంటే రెండు పౌండ్ల ఎనిమిది ఔన్సులు. పౌండుకు 16 ఔన్సులు కాబట్టి అది సరిగ్గా రెండున్నర పౌండ్లు, అంటే 1134 గ్రాములు. ఈ సంగతి తెలియని పిల్లగాడు ఫోన్ తీసి 2.8ని 453.6తో గుణిస్తాడు, 1270 గ్రాములు వస్తుంది, "అమ్మో, ఇంత బరువా" అని మెసేజ్ కూడా పెట్టకుండా పోతాడు. అదే కారణంగా 2.10 అనేది 2.9 కంటే పెద్దది, దాన్ని 2.1 అనుకుని పొంగిపోయి వచ్చేవాళ్లూ ఉంటారు. కాబట్టి మొదటి మందు: గ్రాముల్లో రాయండి, కావాలంటే పక్కన పౌండ్లు, ఔన్సులు విడివిడిగా రాయండి.

రెండో కారణం గ్రిప్పులు. మావాడి బ్యాట్ భుజం దగ్గర పెన్నుతో 2.8 అని రాసి ఉంది, వాడు దాన్నే ఎక్కించాడు. కిరాణా షాపు డిజిటల్ కాంటా మీద పెడితే 1232 గ్రాములు! దాదాపు వంద గ్రాములు ఎక్కడ పుట్టాయంటే, పిడి మీద ఒకదాని మీద ఒకటి రెండు రబ్బరు గ్రిప్పులు ఉన్నాయి. పైది ఊడదీసి విడిగా తూస్తే 52 గ్రాములు. అంటే ఒక్క గ్రిప్పుతో బ్యాట్ 1180, కిందిదీ అంతే అనుకుంటే ఉత్త చెక్క, పిడి కలిపి 1128. పెన్నుతో రాసిన 1134 అబద్ధం కాదు, గ్రిప్ ఎక్కించకముందు తూచింది, అంతే. ఆ మిగతా కొద్ది గ్రాములు మన ఎండలకు చెక్క ఎండి తగ్గాయనుకోవచ్చు. రేకుల గదిలో రెండు ఎండాకాలాలు మూలన పడున్న బ్యాట్ బరువు కొంచెం తగ్గడం మామూలే, కాకపోతే అట్ల ఎండిన చెక్క త్వరగా చిట్లుతుంది, ఆ సంగతి కిందికొద్దాం.

తూచేటప్పుడు కాంటా మీద ఒక గిన్నె బోర్లించి, సున్నా చేసి, దాని మీద బ్యాట్‌ను ఎటూ నేలకు తగలకుండా అడ్డంగా నిలపండి. ఊర్లకు పోయేటప్పుడు బ్యాగులు తూచే కొక్కెం కాంటా దీనికి పనికిరాదు, పది ఇరవై గ్రాముల తేడా దానికి పట్టదు. అంకె కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టారంటే బరువు గురించి మళ్లీ ఎవరూ అడగరు.

ఇంకో మాట. 1180 గ్రాముల బ్యాట్లు రెండు ఒకేలా ఆడవు. వెనక పొట్ట, అంటే అన్నిటికన్నా మందంగా ఉండే చోటు, కిందికి ఉంటే చేతికి బరువుగా తోస్తుంది, పైకి ఉంటే తేలిగ్గా లేస్తుంది. టో, అంటే బ్యాట్ కింది కొస, నుంచి ఆ మందం దాకా టేపు పెట్టి కొలిచి రాయండి. మావాడిది 21 సెంటీమీటర్లు వచ్చింది. బంతి మోకాలి దాటని మన నెమ్మది పిచ్‌ల మీద ఆడేవాళ్లు కిందికి పొట్ట ఉన్నదే వెతుక్కుంటారు, కాబట్టి ఇది బేరానికి కూడా పనికొచ్చే సమాచారం.

సమస్య: "ఇది గ్రేడ్ 1 కాదు అన్నా" అని వాదన

గ్రేడ్‌కు అందరికీ ఒకే కొలబద్ద అంటూ ఏదీ లేదు, ఒక కంపెనీ గ్రేడ్ 1 ఇంకో కంపెనీకి గ్రేడ్ 2 అవుతుంది. పైగా ఆ గ్రేడ్ ఎక్కువగా చూపుకు ఇచ్చేది: ముందు వైపు గీతలు తిన్నగా ఉన్నాయా, మచ్చలు, ముడులు ఎన్ని, ఎర్రటి పట్టీ ఎంత వెడల్పు, ఇవే చూస్తారు. గ్రేడ్ 3 చెక్క ఒక్కోసారి గ్రేడ్ 1 కంటే బాగా పేలడం ఆడేవాళ్లందరికీ తెలిసిందే. అందుకే మీరే తీర్పు ఇవ్వకండి. "కంపెనీ స్టిక్కర్ మీద గ్రేడ్ 2 అని ఉంది, ముందు వైపు ఎనిమిది గీతలు, ఎడమ అంచున బొటనవేలి వెడల్పు ఎర్ర పట్టీ, కింద ఒక చిన్న మచ్చ" అని కనిపించేది రాయండి. స్టిక్కర్ ఊడిపోయి ఉంటే గ్రేడ్ మాటే ఎత్తకుండా గీతలు, మచ్చలు రాస్తే చాలు.

అసలు ఇంగ్లీష్ విల్లోనా, కశ్మీర్ విల్లోనా అనేదే తెలియకపోతే రంగు ఒక్కటే చూసి తేల్చకండి. కశ్మీర్ చెక్క సాధారణంగా కాస్త గోధుమ రంగులో, బరువుగా ఉంటుంది, గీతలు అంత స్పష్టంగా కనిపించవు. కానీ పాతబడి నూనె పట్టిన ఇంగ్లీష్ విల్లో కూడా గోధుమ రంగుకే తిరుగుతుంది. బిల్లు లేక, ఖాయంగా తెలియకపోతే "విల్లో రకం తెలియదు, ఫొటోలు చూడండి" అని రాయండి. ధర కొంచెం తగ్గుతుంది, కానీ కొన్నాక ఇంటి ముందు పంచాయితీ ఉండదు.

సమస్య: ఫోన్లన్నీ టెన్నిస్ బాల్ పోరలవే

"అన్నా, లాస్ట్ ఎంతకిస్తవ్? కార్క్ ఆడొచ్చా?" ఇట్లాంటివే వస్తున్నాయంటే మీరు రాసిన "ప్రొఫెషనల్" అనే మాటకు అర్థం లేక. అది ఏ స్థాయినీ చెప్పదు. ఏ బంతితో ఆడారు, ఏ పిచ్ మీద, ఎన్ని సీజన్లు, ఎంత ఎత్తు మనిషి ఆడాడు, ఇవి రాస్తే స్థాయి దానంతటదే తెలుస్తుంది. మావాడిది "లెదర్ బాల్ మాత్రమే, మ్యాటింగ్ వికెట్ మీద, రెండు సీజన్లు, నెట్స్ ఎక్కువ, మ్యాచ్‌లు తక్కువ, షార్ట్ హ్యాండిల్ సైజు, అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి ఆడింది" అని మార్చాం. కార్క్ సంగతి ముందే తేల్చేయండి: గట్టి కార్క్ బంతికి మెత్తటి ఇంగ్లీష్ విల్లో గుంటలు పడుతుంది, అంచులు లేస్తాయి, దానికి కశ్మీర్ విల్లోనే మేలు. హార్డ్ టెన్నిస్ ఆడేవాళ్లకైతే ఇంత బరువు అక్కరలేదు, వెనక చెక్క చెక్కేసిన తేలికైన బ్యాట్లు వాళ్లకు వేరే ఉంటాయి. ఎవరికి పనికిరాదో కూడా ఒక ముక్క రాస్తే సగం ఫోన్ల బాధ తప్పుతుంది.

సమస్య: వచ్చి, తిప్పి చూసి, "మళ్లీ చెప్తా అన్నా" అని పోతున్నారు

తెలిసినవాడు బ్యాట్ చేతికి తీసుకోగానే మొదట ముందు వైపు చూడడు. తలకిందులు చేసి టో చూస్తాడు, తర్వాత పిడి బ్లేడులోకి దిగే వీ ఆకారం చూస్తాడు. మీ ఫొటోల్లో ఆ రెండూ లేకపోతే వాడికి అనుమానం వచ్చినట్టే. పెట్టే ముందు మీరే ఈ పరీక్షలు చేయండి.

ముందు వైపు గీతల వెంట సన్నటి వెంట్రుక లాంటి పగుళ్లు ఉంటే భయం లేదు, ఆడిన ఇంగ్లీష్ విల్లోకు అవి మామూలే. పగులు మీద గోరు అడ్డంగా గీయండి. గోరు దిగితే దానికి రెండు వైపులా బొటనవేళ్లతో నొక్కండి. పగులు నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే లోతుగా ఉన్నట్టు. ముందున్న పగులు అంచు దాటి వెనక వైపూ కనిపిస్తే దాన్ని "చిన్న పగులు" అని రాయకూడదు, అది ఎప్పుడైనా విడిపోవచ్చు.

టో దగ్గర నల్లబడి, మిగతా చెక్క కన్నా ఉబ్బినట్టుంటే తడి తాగింది. వాన పడ్డ మైదానంలో బ్యాట్ నేలకు కొడుతూ నిలబడ్డవాళ్ల బ్యాట్లన్నీ ఇట్లనే అవుతాయి. కింద రబ్బరు టో గార్డ్ ఉంటే దాని అంచు లేచిందా అని కూడా చూడండి, లేచిన చోట నుంచే నీళ్లు పోతాయి.

పిడి కోసం బ్లేడును తొడల మధ్య గట్టిగా పట్టుకుని పిడిని రెండు చేతులతో మెల్లిగా మెలిపెట్టండి. కిర్రుమంటే జిగురు వదిలింది. ఇది అన్నిటికన్నా పెద్ద లోపం, పిడి మార్పించాలంటే మంచి పనివాడు కావాలి, అందుకే ఇది ఉంటే మొదటి లైనులోనే రాయాలి.

మావాడి బ్యాట్‌కు పిడి గట్టిగానే ఉంది. కింద కుడి అంచున నాలుగు సెంటీమీటర్ల పగులు, గోరు దిగింది, నొక్కితే కదల్లేదు, వెనక వైపు ఏమీ లేదు. దాని మీద తెల్ల టేపు చుట్టి ఉంది, వాడు ఫొటోలో టేపే చూపించి ఊరుకున్నాడు. అదే కొంప ముంచింది, ఎందుకంటే టేపు చూసిన ప్రతివాడూ కింద ఉన్నదానికంటే పెద్ద పగులునే ఊహించుకుంటాడు. టేపు ఒక కొసన దానంతటదే లేచి ఉంది కాబట్టి మెల్లిగా తీసి, పగులు పక్కన స్కేలు పెట్టి, పొద్దున పక్క నుంచి పడే వెలుతురులో ఫొటో తీశాం. నడి మధ్యాహ్నం ఎండలో తీస్తే పగుళ్లు, గుంటలు ఏవీ కనిపించవు. తర్వాత కొత్త టేపు వేసి ఆ ఫొటో కూడా పెట్టాం. మీ బ్యాట్ మీద ముందు వైపంతా ప్లాస్టిక్ షీట్ గట్టిగా అతికి ఉంటే మాత్రం ఫొటో కోసం లాగకండి, చెక్క పీచు దానితోపాటే లేచి వస్తుంది. "షీట్ కింద చూడలేదు" అని రాసేయండి.

చివరికి మేం పెట్టింది ఇది:

"ఇంగ్లీష్ విల్లో, కంపెనీ స్టిక్కర్ ప్రకారం గ్రేడ్ 2, ఎనిమిది గీతలు. షార్ట్ హ్యాండిల్. ఒక్క గ్రిప్పుతో 1180 గ్రాములు, కాంటా ఫొటో ఉంది. పొట్ట టో నుంచి 21 సెంటీమీటర్లు. రెండు సీజన్లు లెదర్ బాల్, మ్యాటింగ్. కింద కుడి అంచున 4 సెంటీమీటర్ల పగులు, వెనక్కి పోలేదు, టేపు వేశాం. టో పొడిగా ఉంది, పిడి గట్టిగా ఉంది. కార్క్‌కు, హార్డ్ టెన్నిస్‌కు పనికిరాదు. వచ్చి బంతితో తట్టి చూసుకోవచ్చు."

ఫోన్లు బాగా తగ్గాయి. వచ్చిన వాటిలో మిర్యాలగూడ నుంచి ఒకతను పగులు ఫొటో ఇంకోటి అడిగి, అడిగిన ధరలో 500 తగ్గించమన్నాడు, మావాడు ఒప్పుకున్నాడు. ఆర్టీసీ కార్గోలో వేసే ముందు టో దగ్గర, పిడి దిగే చోట అట్టముక్కలు రెండు మడతలు పెట్టి కట్టి, ప్యాక్ చేయకముందు కాంటా మీద ఉన్న ఫొటో, పగులు ఫొటో అదే రోజు తీసి అతనికి పంపాడు.