చిన్నా, ముందు పప్పు సంగతి

చిన్నా, కెటిల్ అడుగున తెల్లటి పొర పేరుకుందని ఫోటో పంపావు కదా, అది సున్నం. మ్యూనిక్ నీళ్లలో అది ఎక్కువ. మొన్న గంటసేపు ఉడికించినా కందిపప్పు పలుకులుగానే ఉండిపోవడానికి కారణమూ అదే. దానికితోడు పప్పు ఉడకకముందే టమాటాలు వేశావు. పులుపు తగిలితే పప్పు మరీ మొండికేస్తుంది.

ఆదివారం ఇలా చేయి. కప్పు పప్పు కడిగి గంటసేపు నానబెట్టు. మూడు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేసి కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానివ్వు. మీ గాజు పొయ్యి కట్టేశాక కూడా కాసేపు వేడిగానే ఉంటుంది కాబట్టి కుక్కర్‌ని పక్కకు దించు, లేకపోతే అడుగంటుతుంది. ఆవిరి పోయాక ఒక పలుకు వేళ్ల మధ్య నలిపి చూడు. గట్టిగా తగిలితే చిటికెడు వంటసోడా వేసి మరో రెండు విజిల్స్ పెట్టు. అక్కడ దాన్ని నాట్రాన్ అంటారు.

ఉడికిన పప్పు మూడు డబ్బాల్లో సర్దు. సోమవారం మొదటి డబ్బాతో టమాటా పప్పు. టమాటాలు విడిగా మగ్గించి కలుపు. రెండోది మంగళవారం చారుకి: ఉసిరికాయంత చింతపండు, రెండు గరిటెల పప్పు, చారుపొడి చాలు. మిగిలిన పప్పుని మర్నాడు అన్నంలో నెయ్యితో కలుపుకో. మూడోది ఫ్రీజర్‌లో పెట్టు. గురువారం గడ్డకట్టిన పాలకూర ప్యాకెట్ తెచ్చి అందులో వేస్తే పాలకూర పప్పు. తరగడం, కడగడం అక్కర్లేదు. అది చూస్తే నాకే అసూయ.

పోపుకి నూనె పొగలు వచ్చేదాకా కాచకు, పైకప్పుకున్న పొగ అలారం మోగుతుంది. ఒక ఆవగింజ వేసి చూడు. చిటపటమంటే మిగతావి వేసెయ్యి.

సరుకులు శనివారమే తెచ్చుకో, ఆదివారం అక్కడ కొట్లు మూసేస్తారు. ఇండియన్ కొట్లో కందిపప్పు, సోనామసూరి, చింతపండు, ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, చారుపొడి తీసుకో. కరివేపాకు దొరికిన రోజు రెండు కట్టలు కొని, కడిగి ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టు. వాడేటప్పుడు కరగనివ్వకు, అలాగే నూనెలో వేయి. కందిపప్పు అయిపోతే మామూలు సూపర్‌మార్కెట్లో Rote Linsen అని రాసిన ప్యాకెట్ తెచ్చుకో. అది మన ఎర్ర కందిపప్పే, మసూర్. కుక్కర్ లేకుండానే పదిహేను నిమిషాల్లో మెత్తబడుతుంది.

పెరుగు మాత్రం Naturjoghurt అని ఉందో లేదో చూసి తీసుకో. వెనిల్లా పెరుగుతో పెరుగన్నం కలిపిన ఘనత మన ఇంట్లో నీ ఒక్కడిదే.