ద్రావణీయతా లబ్ధం నుంచి మోలార్ ద్రావణీయత: సిల్వర్ క్రోమేట్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

సిల్వర్ క్లోరైడ్ లెక్క బాగానే చేసే విద్యార్థి సిల్వర్ క్రోమేట్ దగ్గరికి రాగానే తడబడతాడు. అందుకే ఈ ఒక్క లవణాన్నే తీసుకుని, తప్పు జవాబు ఎలా కనబడుతుందో, దాని వెనుక ఏ పొరపాటు ఉందో చూద్దాం. 25 °C దగ్గర దీని Ksp విలువ సుమారు 1.1 × 10⁻¹² అని తీసుకుంటాను. పట్టికకూ పట్టికకూ ఈ అంకె కొద్దిగా మారుతుంది కాబట్టి ప్రశ్నలో ఇచ్చిన విలువనే వాడాలి.

సమస్య 1: జవాబు 1.05 × 10⁻⁶ వచ్చింది

ఇది Ksp కి నేరుగా వర్గమూలం తీసినప్పుడు వచ్చే అంకె. సిల్వర్ క్లోరైడ్‌లో ఒక్కో రకం అయాన్ ఒక్కొక్కటే ఉంటుంది కాబట్టి అక్కడ వర్గమూలం సరిపోతుంది. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చేస్తుంది. పరిష్కారం ఏమిటంటే, అంకెలు ముట్టుకోకముందే సమీకరణం రాయడం.

```
Ag2CrO4(s) ⇌ 2Ag⁺ + CrO4²⁻
               2s      s
Ksp = [Ag⁺]²[CrO4²⁻] = (2s)²(s) = 4s³
```

ఇక్కడ s అంటే లీటరు సంతృప్త ద్రావణంలో కరిగిన లవణపు మోల్‌ల సంఖ్య. 1.1 × 10⁻¹² ను 4 తో భాగిస్తే 2.75 × 10⁻¹³ వస్తుంది. పరీక్షలో కాలిక్యులేటర్ లేకపోతే ఘాతాంకం మూడుతో భాగింపబడేలా దీన్ని 275 × 10⁻¹⁵ అని మార్చుకోవాలి. 6 ఘనం 216, 7 ఘనం 343 కనుక 275 ఘనమూలం దాదాపు 6.5 అవుతుంది. అంటే s = 6.5 × 10⁻⁵.

ఇది సిల్వర్ క్లోరైడ్ మోలార్ ద్రావణీయత కంటే ఎక్కువ కావడం చాలామందికి నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే సిల్వర్ క్లోరైడ్ Ksp, అంటే 1.8 × 10⁻¹⁰, దీనికంటే పెద్దది. కానీ దాని s 1.3 × 10⁻⁵ మాత్రమే. అయాన్ల సంఖ్య వేరైన లవణాలను Ksp చూసి పోల్చకూడదు, s కట్టి పోల్చాలి.

సమస్య 2: జవాబు దగ్గరగానే ఉంది, కానీ 8.2 × 10⁻⁵

కారణం (2s)² బదులు 2s² రాయడం. నిజానికి ఇది బ్రాకెట్ మరిచిపోవడం కంటే లోతైన సందేహం: "రెట్టింపు చేసి, మళ్ళీ వర్గం చేస్తే అదే 2 ను రెండుసార్లు లెక్కించినట్టు కాదా?" కాదు. ఒక మోల్ లవణం కరిగితే రెండు మోల్‌ల సిల్వర్ అయాన్లు వస్తాయి, అందువల్ల గాఢత 2s. ఆ గాఢత ఏదైనా సరే, సమతాస్థితి సూత్రం దాన్ని వర్గం చేయమంటుంది. రెండూ వేర్వేరు పనులు.

ఈ పొరపాటును పట్టుకునే మార్గం వచ్చిన s ను తిరిగి సూత్రంలో పెట్టడమే. 6.5 × 10⁻⁵ పెడితే సిల్వర్ గాఢత 1.3 × 10⁻⁴. దాని వర్గాన్ని 6.5 × 10⁻⁵ తో గుణిస్తే 1.1 × 10⁻¹² తిరిగి వస్తుంది. 8.2 × 10⁻⁵ పెట్టి చూస్తే 2.2 × 10⁻¹², అంటే సరిగ్గా రెట్టింపు వస్తుంది.

సమస్య 3: ద్రావణంలో ముందే సిల్వర్ నైట్రేట్ ఉంటే జవాబు నాలుగో వంతుకు పడిపోయింది

0.10 M సిల్వర్ నైట్రేట్‌లో ఈ లవణం ఎంత కరుగుతుందని అడిగితే, 2s కు అలవాటు పడిన చెయ్యి 0.10 ను కూడా రెట్టింపు చేసి 0.20 అని రాస్తుంది. వర్గం చేశాక అది నాలుగు రెట్ల తేడా. సిల్వర్ నైట్రేట్ ఒక మోల్‌కు ఒక సిల్వర్ అయాన్‌నే ఇస్తుంది కాబట్టి గాఢత (0.10 + 2s). s చాలా చిన్నది గనుక 2s ను వదిలేస్తే, 1.1 × 10⁻¹² ను 0.010 తో భాగించి s = 1.1 × 10⁻¹⁰ అని వస్తుంది. వదిలేసింది 2.2 × 10⁻¹⁰, మిగిల్చింది 0.10, కాబట్టి వదలడం న్యాయమే. ఈ చివరి పోలిక చూడకుండా మాత్రం వదలకూడదు.

అదే 0.10 M గాఢతలో పొటాషియం క్రోమేట్ ఉంటే, వర్గం పడేది s ఉన్న పదం మీద కనుక 4s² × 0.10 అవుతుంది, s 1.7 × 10⁻⁶ వస్తుంది. గాఢత ఒకటే అయినా సిల్వర్ అయాన్ అణచినంతగా క్రోమేట్ అయాన్ అణచలేదు.

సమస్య 4: లెక్క సరే, ప్రయోగంలో మాత్రం ఎక్కువ కరిగింది

ముందు ద్రావణం ఆమ్లమా అని చూడాలి. ఆమ్లంలో క్రోమేట్ అయాన్ హైడ్రోజన్ అయాన్‌తో కలిసి హైడ్రోజన్ క్రోమేట్‌గానూ, డైక్రోమేట్‌గానూ మారిపోతుంది; ఆ లోటును పూరించడానికి ఇటుక ఎరుపు అవక్షేపం ఇంకా కరుగుతుంది. క్లోరైడ్‌ను కొలిచే మోర్ టైట్రేషన్‌లో పొటాషియం క్రోమేట్‌ను సూచికగా వాడేటప్పుడు pH ను సుమారు 6.5 కంటే కిందికి పోనివ్వకపోవడానికి కారణం ఇదే. పైన రాసిన 4s³ లో ఆ రెండో చర్యకు చోటు లేదు, కాబట్టి ఆమ్ల ద్రావణానికి ఆ సమతాస్థితులను కూడా కలిపి లెక్క కట్టాలి.